పావలా బిళ్లంత తేలితే చాలు

ఒక బకెట్ నీళ్లు, ఒక కోడిగుడ్డు, కాస్త కల్లుప్పు, రెండు దోసిళ్ల వడ్లు. మందుల్లేని సేద్యం గురించి ఒక రైతు నిమిషం వీడియోలో కళ్లకు కట్టినట్టు చూపాలంటే ఇంతకంటే తక్కువ సామానుతో అయ్యే పని మరొకటి కనిపించదు. ఉప్పునీళ్లలో వడ్లు పోసి, తేలిన వాటిని తీసేసి, మునిగిన వాటినే విత్తనానికి ఉంచుకోవడం. పద్ధతి పాతదే. శ్రీ వరి సాగు చేసేవాళ్లకూ, దేశీ వరి రకాలు నిలబెట్టుకొస్తున్నవాళ్లకూ బాగా తెలిసిందే. తెలియనివాళ్లకు చెప్పడానికి మాత్రం ఒక షార్ట్ చాలు. అయితే ఆ షార్ట్ ఎలా తీస్తే నమ్మొచ్చు, ఎలా తీస్తే నమ్మకూడదు అన్నదగ్గరే అసలు సంగతంతా ఉంది.

ఫోన్లలో తిరిగే సేద్యం వీడియోల్లో చాలావాటికి ఒకటే నడక. మొదట ఒక డ్రమ్ము, అందులో నాలుగైదు రకాల పదార్థాలు, చివర్లో పచ్చగా ఊగే చేను. డ్రమ్ములో పోసిన ఏ పదార్థం వల్ల చేను అలా ఉందో, అసలు దానివల్లే ఉందో, మంచి వానలు పడటం వల్ల ఉందో చూసేవాడికి తేలదు. పక్కన ఏమీ చేయని మడి ఒకటి ఉంటేనే కదా తేడా తెలిసేది. ఒక్క పని, దాని పక్కన ఆ పని చేయనిది, రెంటి మధ్య కంటికి కనిపించే తేడా. ఈ మూడూ లేని వీడియో ఎంత నిజాయితీగా తీసినా ప్రకటనతో సమానం.

ఉప్పునీటి షార్ట్ ఇలా సాగుతుంది. రైతు బకెట్‌లో 10 లీటర్ల నీళ్లు పోసి గుడ్డు వదులుతాడు. గుడ్డు అడుక్కి పోయి పడుకుంటుంది. "చూశారా అన్నా, మంచినీళ్లలో మునిగింది. ఇప్పుడు ఉప్పేస్తా" అంటూ ఉప్పు వేసి కలుపుతాడు. గుడ్డు ముందు అడుగునే నిక్కి నిలబడుతుంది, ఇంకాస్త ఉప్పు పడ్డాక మెల్లగా పైకొస్తుంది. నీటిపైన దాని బుర్ర పావలా బిళ్లంత కనబడగానే ఉప్పు ఆపేస్తాడు. గుడ్డు తీసేసి వడ్లు పోసి చేత్తో కలియబెడతాడు. కొన్ని మునుగుతాయి, కొన్ని తేలుతాయి. తేలిన వాటిని చిల్లుల గరిటెతో తీసి పక్కన పెడతాడు. "ఇవి కోళ్లకు, అడుగున ఉన్నవి నారుమడికి. ఇవి మాత్రం మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి, మరిచిపోవద్దు" అంటాడు. అంతే. సాంద్రత అన్న మాట ఎక్కడా రాలేదు. రావాల్సిన పనీ లేదు. 'నీళ్లు బరువెక్కాలి' అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

పావలా బిళ్ల 2011లోనే చెలామణీలోంచి పోయింది. ఇరవై ఏళ్ల కుర్రాడు దాన్ని చూసి ఉండకపోవచ్చు. కాబట్టి రైతు ఇప్పుడు దొరికే చిన్న రూపాయి బిళ్లను గుడ్డు పక్కన పెట్టి చూపిస్తే మంచిది. బిళ్ల కొంచెం అటూ ఇటూ అయితే మునిగిపోయేదేమీ లేదు.

మంచినీళ్లలో వడ్లు పోసి తాలు తీసేయడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. మరి ఉప్పెందుకు? లీటరు మంచినీళ్లు కిలో తూగుతాయి. అంతకంటే తేలికైనదే అందులో తేలుతుంది. ఉత్త పొట్టు, పూర్తి తాలు పోతాయి కానీ సగం నిండిన గింజ మునిగిపోతుంది. మునిగింది కదా అని దాన్ని విత్తనంలో ఉంచేస్తాం. పది లీటర్లకు ఒకటింబావు నుంచి కిలోన్నర దాకా ఉప్పు వేస్తే లీటరు నీళ్లు ఇంచుమించు 1,080 నుంచి 1,100 గ్రాములు తూగుతాయి. సగం నిండిన గింజ ఆ నీళ్లలో మునగలేదు. నిండుగింజ అంతకంటే బరువైనది కాబట్టి అడుక్కి చేరుతుంది. తాజా గుడ్డు కూడా సరిగ్గా ఆ బరువు దగ్గరే తేలడం మొదలవుతుంది కాబట్టి అది కొలబద్ద అయింది. ఇంట్లో గుడ్డు ముట్టనివాళ్లు బంగాళాదుంప వాడతారు. దుంపల్లో నీటిశాతం రకానికొకలా ఉంటుంది కాబట్టి గుడ్డంత నిక్కచ్చి కాదు, పని మాత్రం నడుస్తుంది.

సగం నిండిన గింజలు ఎక్కడినుంచి వస్తాయన్నది కూడా తెలుసుకోవాల్సిందే. కంకిలో పైకొమ్మల గింజలు ముందు పాలు పోసుకుంటాయి, కింది కొమ్మలవి ఆలస్యంగా. చివర్లో నీరు తగ్గినా, చేను పడిపోయినా, ముందు దెబ్బతినేది ఆ కింది గింజలే. పాలు పోసుకునే దశలో కంపునల్లి వచ్చి రసం పీల్చినా అంతే. పైకి పొట్టు బాగానే ఉంటుంది, లోపల బియ్యం సగమే. మొలక తన వేళ్ల మీద తాను నిలబడేదాకా, అంటే మూడాకులు వేసేదాకా, దానికి తిండి ఆ బియ్యంలోంచే రావాలి. సగం తిండితో మొదలైన మొక్క నారుమడిలో వెనకబడుతుంది, పక్కదాని నీడలో పడుతుంది, ఆనక నాటేటప్పుడు కూలీల చేతిలో సన్నపోగులా వస్తుంది.

ఈ పద్ధతిని పుస్తకంలోకి ఎక్కించినవాడు జపాన్‌లో యోకోయ్ తోకియోషి. 1880ల్లో ఫుకువోకా వ్యవసాయ పాఠశాలలో పనిచేస్తూ ఉప్పునీటితో విత్తనం ఏరే పద్ధతిని ప్రయోగాలతో తేల్చి ప్రచారం చేశాడు. అక్కడ మామూలు వరికి లీటరు 1,130 గ్రాములు తూగే నీళ్లు వాడతారు. అంత చిక్కటి నీళ్లలో గుడ్డు నిలబడదు, పక్కకు వాలి పడుకుని తేలుతుంది. వాళ్లవి పొట్టి, గుండ్రటి గింజలు. మన సన్నవడ్లకు అదే కొలత పెడితే మంచి గింజలు కూడా తేలిపోయే ప్రమాదం ఉంది. జపాన్ వీడియో చూసి గుడ్డు వాలేదాకా ఉప్పు పోసిన రైతు, సగం విత్తనాన్ని కోళ్లకు వేసుకుంటాడు.

షార్ట్‌లో పట్టని చిన్న చిన్న సంగతులు కొన్నుంటాయి. పని చెడేది వాటి దగ్గరే. మొదటిది గుడ్డు. పాతబడిన గుడ్డులో లోపలి గాలిగది పెరిగి, మంచినీళ్లలోనే లేచి నిలబడుతుంది, మరీ పాతదైతే తేలుతుంది. అలాంటి గుడ్డును నమ్ముకుంటే నాలుగు గుప్పెళ్ల ఉప్పుకే బిళ్లంత పైకొస్తుంది. నీళ్లు బరువెక్కకుండానే పని అయిపోయిందనుకుంటాం, సగం గింజలు అడుగునే ఉండిపోతాయి. అందుకే రైతు ముందుగా మంచినీళ్లలో గుడ్డు వేసి, అది అడుగున అడ్డంగా పడుకోవడం కెమెరాకు చూపించి తీరాలి. వీడియోలో ఆ మూడు సెకన్లు లేకపోతే మిగతా నిమిషానికి విలువ లేదు.

రెండోది ఉప్పు. కల్లుప్పు తొందరగా కరగదు. గబగబా వేసుకుంటూ పోతే గుడ్డు ఇంకా లేవలేదని మరింత వేస్తాం, అడుగున మిగిలినది తర్వాత కరిగి నీళ్లు అవసరానికి మించి చిక్కబడతాయి. కొంచెం వేసి, పూర్తిగా కరిగేదాకా కలిపి, అప్పుడు గుడ్డు వైపు చూడాలి. వడ్లు విడతలుగా పోస్తున్నప్పుడు, తడి గింజలతోపాటు ఉప్పునీళ్లు కొంత బయటికి పోతుంటాయి. మధ్యలో మంచినీళ్లు కలిపామంటే మళ్లీ గుడ్డు వేసి చూసుకోవాల్సిందే. పది లీటర్ల నీళ్లకు ఒకసారికి నాలుగైదు కిలోల వడ్లు మించకపోతే మేలు. ఎక్కువ పోస్తే తేలాల్సినవి బరువు గింజల కింద ఇరుక్కుంటాయి.

మూడోది గాలి. పొడిగింజ పొట్టుకు గాలిబుడగలు అంటుకుని మంచి గింజ కూడా కాసేపు తేలుతుంది. దేశీ రకాల్లో మీసాలున్న వడ్లయితే మరీను. చేత్తో రెండుసార్లు బాగా కలియబెట్టి, నీళ్లు నిలకడకు రానిచ్చి, అప్పుడు తీయాలి. అలాగని పది, పదిహేను నిమిషాలు వదిలేయకూడదు. ఉప్పు లోపలికి దిగేలోపు, ఒకటి రెండు నిమిషాల్లో తీసేసి కడగాలి. కడిగిన గింజ నాలుకకు ఉప్పు తగలకూడదు. తగిలితే ఇంకోసారి కడగాలి. ఆ తర్వాత ఎప్పటిలాగే ఒక రోజు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టుకోవచ్చు.

నాలుకతో చూడమన్నది సొంత విత్తనానికే సుమా. కొనుక్కొచ్చిన సంచిలో గింజలు గులాబీ రంగులోనో, ఎర్రగానో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం. వాటిని నోట పెట్టకూడదు, తేలినవి కోళ్లకు వేయకూడదు, అసలు ఈ బకెట్లో పోయకూడదు. ఇంకో చిన్న మాట. పని అయ్యాక ఆ ఉప్పునీళ్లు మడిలోకో, చెట్టు మొదట్లోకో పోయొద్దు. పశువులు మూతి పెట్టే చోట ఉంచొద్దు. ఏ పైరూ లేని బాటమీద పారబోయాలి.

ఇక ఫలితం. బకెట్లో తేలినవీ మునిగినవీ విడిపోవడం చూడముచ్చటగా ఉంటుంది కానీ అది ఫలితం కాదు, పని జరిగిందనడానికి ఆనవాలు మాత్రమే. దాంతో మొలకలో ఏం మారిందన్నది చూపాలి. ఇక్కడే చాలామంది రైతులు, తెలిసో తెలియకో, తప్పుడు పోలిక చూపిస్తారు. ఒక గుడ్డలో మునిగిన గింజలు, ఇంకో గుడ్డలో తేలిన గింజలు. వారం తర్వాత విప్పితే ఒకటి గుబురుగా, ఒకటి పలచగా. తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కానీ తేలిన గింజలను మాత్రమే విడిగా నారుపోసే రైతు ఎవరైనా ఉన్నాడా? రైతు మామూలుగా పోసేది ఏరని, కలగలుపు విత్తనం. కాబట్టి పోలిక దానితోనే ఉండాలి. మూడో గుడ్డ కావాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించినవే, లెక్క తీరు తెలియడానికి. ఒక రైతు దగ్గర ఎకరం నారుకు 25 కిలోల సొంత సాంబ మసూరి విత్తనం ఉంది. ఏరకముందే అందులోంచి గుప్పెడు తీసి 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టాడు. తర్వాత మొత్తం ఉప్పునీళ్లలో వేస్తే 3 కిలోలు తేలింది. తేలినవి తేలికైనవి కాబట్టి, గింజల సంఖ్య లెక్కన చూస్తే అది దాదాపు ఆరింట ఒక వంతు అవుతుంది. మునిగినవి 100, తేలినవి 100 వేరువేరు గుడ్డల్లో చుట్టాడు. వారం తర్వాత విప్పితే మునిగినవి 93 మొలిచాయి, తేలినవి 41 మొలిచాయి, ఏరనివి 84 మొలిచాయి అనుకుందాం.

ఈ మూడు అంకెలకూ ఒకదానితో ఒకటి చుట్టరికం ఉంది. ఏరని విత్తనంలో ఆరింట అయిదు వంతులు బరువు గింజలు, ఒక వంతు తేలిక గింజలు. 93లో అయిదు వంతులు, 41లో ఒక వంతు కలిపితే 84 వస్తుంది. అంటే లెక్క కుదిరింది. ఎవరైనా షార్ట్‌లో 'మునిగినవి 98, తేలినవి 2, ఏరనివి 50' అని చూపించి, తేలింది పదో వంతేనని చెబితే నమ్మొద్దు. ఆ లెక్కన ఏరనివి 88 దాకా మొలవాలి. ఎక్కడో గింజలు మార్చారు, లేదా ఒక గుడ్డ తడి ఆరిపోయింది. వంద గింజల లెక్కలో నాలుగైదు అటూ ఇటూ కావడం సహజమే. అందుకే విత్తన పరీక్ష కేంద్రాల్లో నాలుగు వందలు వేసి చూస్తారు. ముప్పై, నలభై తేడా మాత్రం సహజం కాదు.

ఇప్పుడు రైతు నోటినుంచి తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఏరితే మొలక పెరిగింది." నిజానికి మొలకల సంఖ్య పెరగదు. వందకు 84 మొలకలు వచ్చే విత్తనంలోంచి తేలిక గింజల్ని తీసేస్తే, వాటితోపాటు మొలవగలిగినవి కూడా ఏడు దాకా పోతాయి. మిగిలేవి 77. సంఖ్య తగ్గింది! మరి లాభమేమిటి? పోయిన ఆ ఏడూ బలహీనమైనవి. మిగిలిన 77 ఇంచుమించు ఒకే ఎత్తున, ఒకే వయసున లేస్తాయి. లాభం నారు సమంగా రావడంలో ఉంది. కాబట్టి షార్ట్‌లో చూపాల్సిన అసలు ఫలితం గుడ్డలో కాదు, నారుమడిలో దొరుకుతుంది. ఒకే మడిలో పక్కపక్కన రెండు జానల వెడల్పు చాళ్లు రెండు, ఒకదాంట్లో ఏరని విత్తనం, రెండోదాంట్లో ఏరినది, ఒకేరోజు, లెక్కపెట్టి అన్నే గింజలు. పన్నెండో రోజున చాలుకు ఇరవై మొక్కలు వరసన పీకి, వేళ్లు కడిగి, ఒక చెక్కమీద పరిచి పక్కన స్కేలు పెట్టాలి. పీకేటప్పుడు నచ్చినవి ఏరకూడదు. ఏరని చాలులో రెండు మూడు మొక్కలు పొట్టిగా, వేరు పలచగా ఉంటే అవి చాలు చూపించడానికి. ఏ తేడా లేకపోతే అదీ చూపించాలి.

తేడా లేకపోవడం కూడా జరుగుతుంది మరి. ధ్రువీకరించిన విత్తనాన్ని ముందే యంత్రాల మీద ఏరి, కనీసం 80 శాతం మొలక ఉంటేనే సంచికి కడతారు. అలాంటి విత్తనం ఈ బకెట్లో పోస్తే తేలేవి పిడికెడు కూడా ఉండవు. ఎకరానికి 25 కిలోలు నారుపోసి, కుదురుకు మూడు నాలుగు మొక్కలు నాటే చోట కూడా ఒక బలహీన మొక్క లోటును పక్కది పూడుస్తుంది. ఉప్పునీళ్ల విలువ బయటపడేది శ్రీ వరిలో. అక్కడ ఎకరానికి రెండు కిలోల విత్తనమే, కుదురుకు ఒక్కటే మొక్క, అదీ ఎనిమిది నుంచి పన్నెండు రోజుల పసిమొక్క. దాన్ని పూడ్చడానికి పక్కన ఎవరూ లేరు. తన చేలోంచే విత్తనం తీసుకునేవాళ్లకు, నవారా, మైసూర్ మల్లిగ లాంటి దేశీ రకాలు పండించేవాళ్లకు కూడా ఇది అక్కరకొస్తుంది. పైగా రెండు కిలోలు ఏరడం పావుగంట పని.

ఈ బకెట్‌కు చేతకానివి కూడా ఉన్నాయి. బరువైన గింజ బతికున్న గింజే కానక్కర్లేదు. రెండేళ్లు తేమలో మగ్గిన గింజ నిండుగానే ఉంటుంది, హాయిగా మునుగుతుంది, మొలవదు. కోసి పది రోజులు కాని వడ్లయితే నిద్రావస్థలో ఉండి మునిగినా మొలవకపోవచ్చు. దాన్ని చూసి పద్ధతి పనిచేయలేదనుకోవడం పొరపాటు. తెగులు సోకి తేలికబడిన గింజలు కొన్ని తేలి పోతాయి, నిజమే. నిండుగింజ లోపల దాగిన తెగులును మాత్రం ఉప్పునీళ్లు ఏమీ చేయవు. అందుకే జపాన్‌లో మందు వాడని రైతులు ఏరిన విత్తనాన్ని 60 డిగ్రీల వేడినీళ్లలో 10 నిమిషాలు ఉంచుతారు, మన దగ్గర ప్రకృతి సేద్యం చేసేవాళ్లు బీజామృతం పట్టిస్తారు. అవి వేరే పనులు. వాటిని కూడా ఇదే నిమిషంలోకి జొప్పిస్తే చివరికి దేనివల్ల ఏం జరిగిందో తెలియని పాత కథే మళ్లీ మొదలవుతుంది. బీజామృతానికి ఇంకో షార్ట్, దానికి దాని మూడు గుడ్డలు.

2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ షార్ట్‌కు మూడు నిమిషాల దాకా చోటిచ్చింది. ఉప్పునీటి పనికి మొదటి నిమిషం సరిపోతుంది. రెండో నిమిషం గుడ్డలు విప్పడానికి, మూడోది పన్నెండో రోజు నారుకు వాడుకోవచ్చు. ఈసారి నారు పోసేముందు ఇలాంటి వీడియో ఏదైనా మీ కంటబడితే, గుడ్డు మంచినీళ్లలో మునగడం చూపించారా, ఏరని గింజల గుడ్డ ఎక్కడుంది అన్న రెండు ప్రశ్నలూ అడగండి. రెండింటికీ జవాబు దొరికితే మీ విత్తనంలోంచి వంద గింజలు తీసి మీరే చేసి చూడండి.